కాగితం ఏ బల్ల మీద ఆగింది?

ఒక చోట చదువు ముగించుకుని మరొక చోట చేరబోయేవారిని కొత్త సంస్థ రెండు పత్రాలు అడుగుతుంది. ఒకటి బదిలీ పత్రం. దీన్ని మనమంతా టీసీ అంటాం. రెండోది మైగ్రేషన్ సర్టిఫికెట్. ఈ రెండూ ఒకటేననుకుని, ఒక కార్యాలయంలో తెచ్చుకోవలసిన కాగితం కోసం మరొక కార్యాలయం ముందు నిలబడి రోజులు పోగొట్టుకున్నవారు చాలామంది. అలాంటివారి ఉత్తరాలు నా దగ్గరకు కూడా వస్తుంటాయి. నేను పాఠాలు తయారుచేసే విభాగంలో పనిచేస్తాను. పత్రాలు ఇవ్వడం నా పని కాదు. కానీ ఉత్తరం తెలుగులో ఉంటే అది తిరిగి తిరిగి నా బల్ల మీదికే చేరుతుంది. వాటిని చదివి సంబంధిత విభాగానికి పంపడం నాకు అలవాటైంది. ఆ ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మాట ఉంటుంది: "ఎప్పుడు అడిగినా రేపు రమ్మంటున్నారు, ఏం చెయ్యాలి?"

ముందు ఆ రెండు పత్రాల తేడా చూద్దాం. టీసీ ఇచ్చేది మీరు కూర్చుని చదివిన చోటు, అంటే మీ బడి లేదా కళాశాల. ఈ విద్యార్థి ఫలానా తేదీన మా దగ్గర చేరాడు, ఫలానా తేదీన వెళ్ళిపోయాడు, మాకు బాకీ ఏమీ లేదు అని అది చెబుతుంది. మైగ్రేషన్ ఇచ్చేది మీకు పరీక్ష పెట్టిన సంస్థ, అంటే బోర్డు లేదా విశ్వవిద్యాలయం. ఈ విద్యార్థి మా పరిధి నుంచి మరొక బోర్డుకో విశ్వవిద్యాలయానికో వెళ్ళడానికి మాకు అభ్యంతరం లేదు అని అది చెబుతుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద ఉన్న ఒక కళాశాలలో బి.ఏ. చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేరాలనుకున్నారనుకోండి. టీసీ మీ కళాశాల ఇవ్వాలి, మైగ్రేషన్ ఉస్మానియా ఇవ్వాలి. కళాశాల ప్రిన్సిపాల్ గారిని మైగ్రేషన్ అడిగితే ఆయన ఇవ్వలేరు. అదే ఉస్మానియా పరిధిలోనే ఎం.ఏ. చేరితే సాధారణంగా మైగ్రేషన్ అవసరం రాదు, టీసీ చాలు.

అసలీ మైగ్రేషన్ ఎందుకని ఒక అభ్యాసకుడు నాకు కోపంగా రాశాడు. ఒక మనిషి ఒకే సమయంలో రెండు చోట్ల పేరు నమోదు చేసుకోకూడదన్న పాత నియమం దీనికి మూలం. 2022 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం రెండు కోర్సులు ఏకకాలంలో చదవడానికి అనుమతించాక ఆ కారణం కొంత బలహీనపడిందని నేనూ అనుకుంటాను. అయినా సంస్థలు ఈ పత్రాన్ని అడగడం మానలేదు. వారు అడిగినంతకాలం మనం తెచ్చి ఇవ్వక తప్పదు.

ఆలస్యం ఎక్కడ పుడుతుందో, దాన్ని ఎలా కదిలించవచ్చో చెప్పడానికి మా ఇంటి సంగతి ఒకటి వివరిస్తాను. మా చిన్నాన్న కూతురు చీరాల వైపు ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివింది. 2009లో సి.ఇ.సి. గ్రూపులో చేరి, 2011 మార్చిలో పరీక్షలు రాసి ఉత్తీర్ణురాలైంది. ఆ తర్వాత పెళ్ళి చేసుకుని మహారాష్ట్రలోని షోలాపూర్ వెళ్ళింది. షోలాపూర్‌లో తెలుగువారు తరతరాలుగా ఉన్నారు. ఎక్కువమంది నేతపనివారు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ. ఆమె ఒక తువ్వాళ్ళ కార్ఖానాలో లెక్కలు రాసే పనిలో కుదిరింది. డిగ్రీ ఉంటే జీతం పెరుగుతుందని యజమాని చెప్పడంతో 2023లో అక్కడి ఒక కళాశాలలో బి.కాం. చేరింది.

మార్కుల జాబితా ఆమె దగ్గర ఉంది. టీసీ లేదు. పన్నెండేళ్ళ క్రితం అవసరం పడలేదు కనుక ఎవరూ వెళ్ళి తీసుకోలేదు. మైగ్రేషన్ అన్న పేరే ఆమె విని ఉండలేదు. కొత్త కళాశాలవారు ఆమె చేత ఒక హామీపత్రం రాయించుకుని తాత్కాలికంగా చేర్చుకున్నారు. జూలై 24న చేరింది. 60 రోజుల్లో, అంటే సెప్టెంబరు 22లోగా రెండు అసలు పత్రాలూ దాఖలు చేయాలి. చేయకపోతే ప్రవేశం రద్దవుతుంది. కట్టిన ఫీజు కూడా తిరిగి రాదని ఆ హామీపత్రంలోనే రాసి ఉంది. ఆమెకు అది రెండు నెలల జీతం.

చీరాలలో ఉన్న మా చిన్నాన్న ఆమె తరఫున కళాశాలకు వెళ్ళాడు. ఆయన నేతపని చేస్తాడు. మగ్గం గుంటలోంచి లేచి ఊళ్ళోకి వెళ్ళాడంటే ఆ పూట కూలి పోయినట్టే. మొదటిసారి వెళ్ళినప్పుడు ప్రిన్సిపాల్ గారు లేరన్నారు. రెండోసారి, పాత రికార్డులు పాత భవనంలో ఉన్నాయి, వెతికించాలి అన్నారు. మూడోసారి గుమాస్తా, "పెద్దాయనా, నో డ్యూస్ లేనిదే టీసీ ఇవ్వరు. లైబ్రరీ ఆయన సంతకం కావాలి. ఆయన మానేసి ఆరేళ్ళయింది. మేమేం చేస్తాం?" అన్నాడట.

ఆ రాత్రి చెల్లెలు నాకు ఫోన్ చేసి, "అక్కా, నువ్వు ఢిల్లీలో పెద్ద ఆఫీసులో ఉన్నావు కదా, ఎవరికైనా చెప్పించు" అంది. చెప్పించడం వల్ల ఈ పని కాదని నాకు తెలుసు. వేరే రాష్ట్రంలోని ఒక ప్రైవేటు కళాశాల గుమాస్తాకు నా ఉద్యోగంతో సంబంధం లేదు. ఆమెకు ఆ మాటే చెప్పి, చిన్నాన్నకు ఫోన్ చేశాను. "చిన్నాన్నా, మీరు మూడుసార్లు వెళ్ళినట్టు వాళ్ళ దగ్గర ఏదైనా కాగితం ఉందా?" అని అడిగాను. "కాగితం దేనికమ్మా, వాళ్ళకు నా ముఖం తెలుసు" అన్నాడు.

ఇక్కడ కొంచెం ఆగి, ఈ నో డ్యూస్ అంటే ఏమిటో చూడాలి. విద్యార్థి వెళ్ళిపోయే ముందు కళాశాల ఒక కాగితం ఇస్తుంది. దాని మీద గ్రంథాలయం, ప్రయోగశాల, హాస్టల్, ఫీజుల విభాగం అని గడులుంటాయి. ఒక్కొక్కరూ తమకు బాకీ లేదని సంతకం పెట్టాలి. అన్ని సంతకాలూ పడితేనే కార్యాలయం టీసీ రాస్తుంది. చదువు ముగిసిన నెలలోనే వెళితే ఇది ఒక పూట పని. ఏళ్ళు గడిచాక వెళితే ఆ సంతకాలు పెట్టవలసినవారు ఉండరు, చూడవలసిన పుస్తకాలు కనబడవు. అప్పుడు ఎదురయ్యే చిక్కు విచిత్రమైనది. బాకీ ఉందని ఎవరూ అనరు. బాకీ లేదని సంతకం పెట్టడానికీ ఎవరికీ ధైర్యం చాలదు. రేపు ఏదైనా తేలితే తన మెడకు చుట్టుకుంటుందని గుమాస్తా భయం. అందుకే "రేపు రండి" అంటాడు. చాలాచోట్ల ఆలస్యానికి కారణం పగ కాదు, లంచం మీద ఆశ కూడా కాదు, ఈ భయమే. లంచం అడిగేవారు లేరని నేననను. కానీ అడగకముందే ఇవ్వజూపితే భయపడేవాడు కూడా అడిగేవాడవుతాడు.

అందువల్ల "టీసీ ఇవ్వండి" అని మళ్ళీ మళ్ళీ అడిగి లాభం లేదు. "బాకీ ఉంటే ఎక్కడ రాసి ఉందో చూపించండి" అని అడగాలి. అప్పుడు వెతకవలసిన భారం వారి మీద పడుతుంది. పైగా ఆ అడగడం కాగితం మీద ఉండాలి. మా చెల్లెలి చేత రాయించిన ఉత్తరం ఇది. మీరు కూడా ఇలా రాసుకోవచ్చు కనుక పూర్తిగా ఇస్తున్నాను.

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,

నేను మీ కళాశాలలో 2009 నుంచి 2011 వరకు సి.ఇ.సి. గ్రూపు చదివి, 2011 మార్చి పరీక్షల్లో ఉత్తీర్ణురాలినయ్యాను. నా హాల్ టికెట్టు నంబరు కింద ఇచ్చాను. మార్కుల జాబితా నకలు జతచేశాను. నా బదిలీ పత్రం ఇంతవరకు తీసుకోలేదు. దానికోసం మా నాన్నగారు జూలై 27, ఆగస్టు 3, ఆగస్టు 10 తేదీల్లో మీ కార్యాలయానికి వచ్చారు.

నా పేరు మీద కళాశాలకు బాకీ ఏదైనా ఉంటే అది ఏ రిజిస్టరులో, ఏ తేదీన, ఎంత అని నమోదై ఉందో దయచేసి రాతపూర్వకంగా తెలియజేయండి. రశీదు తీసుకుని వెంటనే చెల్లిస్తాను. బాకీ నమోదై లేకపోతే బదిలీ పత్రం ఇప్పించండి.

కొత్త కళాశాలలో పత్రాలు దాఖలు చేయడానికి సెప్టెంబరు 22 ఆఖరు తేదీ. వారిచ్చిన లేఖ నకలు కూడా జతచేశాను. నేను షోలాపూర్‌లో ఉన్నందున, నా తరఫున పత్రం తీసుకోవడానికి మా నాన్నగారికి అధికారం ఇస్తున్నాను. వారి సంతకం, గుర్తింపు కార్డు నకలు దీనితో ఉన్నాయి."

ఇందులో కోపం లేదు, బతిమాలడం లేదు. మూడు తేదీలున్నాయి, ఒక గడువుంది, సమాధానం చెప్పి తీరవలసిన ఒక ప్రశ్న ఉంది. చివర అధికారం ఇచ్చిన వాక్యం మరిచిపోకూడదు. అది లేకపోతే టీసీ సిద్ధమైన రోజున కూడా "అమ్మాయినే రమ్మనండి" అంటారు. షోలాపూర్ నుంచి చీరాల రావడమంటే రెండు రోజుల సెలవు, రైలు ఖర్చు.

ఆగస్టు 14న చిన్నాన్న ఆ ఉత్తరం రెండు ప్రతులు పట్టుకెళ్ళాడు. ఒకటి వారికిచ్చి, రెండోదాని మీద ముట్టినట్టు ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోవాలని ముందే చెప్పి పంపాను. గుమాస్తా ఉత్తరం తీసుకుంటానన్నాడు కానీ ముద్ర వేయనన్నాడు. ఇలా చాలాచోట్ల జరుగుతుంది. అక్కడ వాదన పెట్టుకోవద్దు. చిన్నాన్న తిన్నగా తపాలా కార్యాలయానికి వెళ్ళి అదే ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో ప్రిన్సిపాల్ గారి పేర పంపాడు. ఆ రశీదు మీది నంబరుతో ఉత్తరం ఏ రోజు చేరిందో తెలుసుకోవచ్చు. అది రెండో రోజున చేరింది. రశీదును ఉత్తరం నకలుకు గుచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు.

సెప్టెంబరు 1న కళాశాల నుంచి చిన్నాన్నకు ఫోన్ వచ్చింది. పాత భవనంలో గ్రంథాలయం పుస్తకాల రిజిస్టరు దొరికింది. అందులో ఆమె పేరు మీద రెండు పుస్తకాలు తిరిగి ఇవ్వనట్టు ఉంది. వాటి ధర, జరిమానా కలిపి 600 రూపాయలు. పుస్తకాలు ఇచ్చేశానని చెల్లెలు గట్టిగా అంది. అది నిజమే కావచ్చు. కానీ పన్నెండేళ్ళ కిందటి సంగతికి ఆధారం ఆమె దగ్గర లేదు. గడువు మూడు వారాలుంది. 600 కట్టడమే మేలని నేను సలహా ఇచ్చాను. ఆ మొత్తం పెద్దదై ఉంటే మరోలా చెప్పేదాన్నేమో. రశీదులో "గ్రంథాలయ బాకీ పూర్తిగా చెల్లు" అని రాయించుకోమన్నాను. వట్టి అంకె మాత్రమే ఉన్న రశీదు రేపు ఇంకొకరు ఇంకో బాకీ చూపిస్తే అడ్డుకోలేదు.

సెప్టెంబరు 6న టీసీ చేతికొచ్చింది. దాన్ని అక్కడే, కిటికీ దగ్గరే చదవాలి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పదో తరగతి పత్రంలో ఉన్నట్టే ఉన్నాయా? చేరిన తేదీ, వెళ్ళిన తేదీ రాశారా? బాకీలన్నీ చెల్లించారా అన్న గడిలో "అవును" అని ఉందా? సంతకం, ముద్ర ఉన్నాయా? చిన్నాన్న చదివి చూస్తే వెళ్ళిన తేదీ ఖాళీగా ఉంది. ఆ ఒక్క గడి ఖాళీగా ఉన్నా కొత్త కార్యాలయం పత్రాన్ని తిప్పి పంపేది, మరో పూట కూలి పోయేది. గుమాస్తా అక్కడికక్కడే నింపి, పక్కన పొట్టి సంతకం పెట్టించి ఇచ్చాడు.

ఇక మైగ్రేషన్. దీన్ని ఇంటర్మీడియట్ బోర్డుకు దరఖాస్తు చేయాలి. ఇక్కడ ఒక సందేహం వస్తుంది. 2011లో ఉన్నది ఉమ్మడి రాష్ట్రం, ఒకే బోర్డు. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు వేరే బోర్డు ఏర్పడింది. అంతకుముందు చదివినవారు సాధారణంగా తమ కళాశాల ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్రపు బోర్డుకు దరఖాస్తు చేయాలి. మీరు ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారన్నది లెక్కలోకి రాదు. చీరాల ఆంధ్రప్రదేశ్‌లో ఉంది కనుక ఆమెది ఆంధ్రప్రదేశ్ బోర్డు. ఈ దరఖాస్తును రెండు బోర్డులూ ఆన్‌లైన్‌లో తీసుకుంటున్నాయి. హాల్ టికెట్టు నంబరు, ఉత్తీర్ణత పొందిన సంవత్సరం, నెల తప్పు లేకుండా ఇవ్వాలి. మార్కుల జాబితా, టీసీ నకళ్ళు దగ్గర పెట్టుకోవాలి. ఫీజు కట్టాక దరఖాస్తు నంబరు వచ్చిందో లేదో చూడాలి. బ్యాంకులో డబ్బు తగ్గినా దరఖాస్తు నంబరు రాకపోతే, బోర్డు లెక్కలో మీరు దరఖాస్తు చేయనట్టే. నెల తర్వాత "మీ దరఖాస్తు మా దగ్గర లేదు" అన్న సమాధానం వచ్చేది ఎక్కువగా ఇలాంటివారికే.

చెల్లెలు సెప్టెంబరు 8న దరఖాస్తు చేసింది. నంబరు వచ్చింది. కానీ 22వ తేదీలోగా పత్రం చేతికి రాదని తెలుస్తూనే ఉంది. గడువు దాటిన తర్వాత క్షమాపణ అడిగేకంటే గడువుకు ముందే పొడిగింపు అడగడం తేలిక. 18న ఆమె షోలాపూర్ కళాశాలకు మరాఠీలో ఒక ఉత్తరం ఇచ్చింది. అసలు టీసీ అందులో దాఖలు చేసింది. మైగ్రేషన్‌కు దరఖాస్తు చేసినట్టు బోర్డు ఇచ్చిన రశీదు జతచేసింది. ఆలస్యం తన చేతిలో లేదనడానికి ఆ రశీదే సాక్ష్యం. వారు అక్టోబరు 20 దాకా గడువు పెంచి, ఆ మాట అదే ఉత్తరం నకలు మీద రాసి ఇచ్చారు. మైగ్రేషన్ అక్టోబరు 9న వచ్చింది.

ఇక పని అయిపోయిందనుకున్నాం. అవలేదు. ఆమె మార్కుల జాబితాలోను, టీసీలోను, మైగ్రేషన్‌లోను పేరు మన పద్ధతిలో ఉంది. ముందు ఇంటిపేరు పొడి అక్షరం, తర్వాత ఆమె పేరు. అది కూడా పుట్టింటి ఇంటిపేరు. మహారాష్ట్రలో పేరు రాసే తీరు వేరు. ముందు ఇంటిపేరు పూర్తిగా, తర్వాత సొంత పేరు, ఆ తర్వాత తండ్రి పేరో భర్త పేరో రాస్తారు. ప్రవేశ దరఖాస్తును నెట్ సెంటరు కుర్రాడు ఆధార్ కార్డు చూసి ఆ పద్ధతిలోనే నింపాడు. అత్తింటి ఇంటిపేరు, భర్త పేరు అందులో ఉన్నాయి. వేరే బోర్డు నుంచి వచ్చినవారి అర్హతను పరిశీలించే విభాగం అక్కడి విశ్వవిద్యాలయంలో ఉంటుంది. ఆ విభాగం ఈ పత్రాలనూ ఆ దరఖాస్తునూ పక్కపక్కన పెట్టి, వీరిద్దరూ ఒక్కరేనని తేల్చుకోలేక ఫైలు ఆపేసింది. ఆపేసినట్టు ఎవరూ ఆమెకు చెప్పలేదు. నవంబరులో పరీక్ష ఫీజు కట్టడానికి వెళ్ళినప్పుడు కళాశాల గుమాస్తా చెప్పాడు: "తాయీ, నీ ఎలిజిబిలిటీ ఇంకా రాలేదు."

పేరు విషయంలో బోర్డు చేయగలిగింది తక్కువ. పెళ్ళయిందని బోర్డు మార్కుల జాబితాలోని పేరు మార్చదు. ఆ పత్రం పరీక్ష రాసిన రోజున ఉన్న పేరును చెబుతుంది. కాబట్టి మారవలసింది కొత్త చోటి నమోదు. ఆమె కళాశాల ద్వారా విశ్వవిద్యాలయానికి మూడు కాగితాలు పంపింది. వివాహ నమోదు పత్రం ఒకటి. పాత పేరు, కొత్త పేరు రెండూ తనవేనని నోటరీ దగ్గర చేయించిన ప్రమాణపత్రం ఒకటి. తన ప్రవేశాన్ని మార్కుల జాబితాలో ఉన్న పేరుతోనే నమోదు చేయమని కోరుతూ దరఖాస్తు ఒకటి. మొదటి సెమిస్టరు పరీక్షలు రాయనిచ్చారు కానీ ఫలితం నిలిపి ఉంచారు. తోటివారంతా మార్కులు చూసుకుంటుంటే ఆమె పేరు ఎదుట ఖాళీ. 2024 ఫిబ్రవరిలో అర్హత తేలి, ఫలితం విడుదలైంది. అన్ని సబ్జెక్టులూ పాసయింది. వేరే రాష్ట్రంలో చేరబోయే ఆడపిల్లలకు నేను ఒక్క మాటే చెబుతాను. దరఖాస్తులో పేరు ఆధార్ చూసి కాదు, మార్కుల జాబితా చూసి, అక్షరం అక్షరం అలాగే రాయించండి. కొత్త పేరు కావాలనుకుంటే దాన్ని తర్వాత మార్చుకోవచ్చు.

రాతపూర్వకంగా అడిగినా కదలకపోతే ఏమిటని మీరు అడగవచ్చు. బోర్డులు, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు సమాచార హక్కు చట్టం, 2005 కిందికి వస్తాయి. దరఖాస్తు నంబరు, తేదీ ఇచ్చి, నా దరఖాస్తు ఈ రోజు ఏ విభాగంలో ఉంది, ఏ తేదీ నుంచి అక్కడ ఉంది, ఇంకా ఏ కాగితం కావాలి అని అడగవచ్చు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే సంస్థలోని పై అధికారికి మొదటి అప్పీలు చేసుకోవచ్చు. అయితే ఈ చట్టం సమాచారం ఇప్పిస్తుంది, సర్టిఫికెట్టు ఇప్పించదు. ఫైలు ఏ బల్ల మీద ఉందో రాసి ఇవ్వవలసి వచ్చినప్పుడు ఆ బల్ల మీదివారు దాన్ని కదిలించడం తరచుగా జరుగుతుంది. కానీ అలా జరిగి తీరుతుందని హామీ లేదు. వారం రోజుల్లో గడువు ముగుస్తుంటే ఇది పనికిరాదు, పొడిగింపు ఉత్తరమే పనికొస్తుంది. ప్రైవేటు కళాశాలను నేరుగా ఈ చట్టం కింద అడగడం కూడా చిక్కే. అలాంటి చోట, జిల్లాలో జూనియర్ కళాశాలల పర్యవేక్షణ చూసే అధికారికి మీ ఉత్తరాల నకళ్ళతో ఫిర్యాదు చేయాలి. చేతిలో స్పీడ్ పోస్టు రశీదు ఉన్నవారి ఫిర్యాదుకూ, "చాలాసార్లు తిరిగాను" అని మాత్రమే రాసినవారి ఫిర్యాదుకూ అక్కడ లభించే మర్యాద ఒకటి కాదు.

డిగ్రీ స్థాయిలో ఇంకొక అండ ఉంది. చేర్చుకున్న విద్యార్థి అసలు సర్టిఫికెట్లను కళాశాల తన దగ్గర ఉంచుకోరాదని, సరిచూసుకుని తిరిగి ఇచ్చేయాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. మధ్యలో మానేసి వెళతామంటే మార్కుల జాబితాలను అట్టిపెట్టుకుని మిగతా సంవత్సరాల ఫీజు అడిగే కళాశాలలకు ఈ ఉత్తర్వు చూపించవచ్చు. ఇది ఉన్నత విద్యాసంస్థలకు వర్తిస్తుంది. జూనియర్ కళాశాలలకు వర్తిస్తుందని పొరపడకండి.

మీరు, అంటే మా సార్వత్రిక విద్యాలయంలో చదివేవారు, ఈ తిరుగుడులో కొంత తప్పించుకున్నట్టే. ఇక్కడ కూర్చుని చదివే బడి వేరు, పరీక్ష పెట్టే బోర్డు వేరు అన్న విభజన లేదు. అందుకే ఉత్తీర్ణులైనవారికి బదిలీ, మైగ్రేషన్ రెండూ కలిపి ఒకే పత్రంగా ఇస్తారు. అది మార్కుల జాబితాతో పాటు వస్తుంది. డిజిలాకర్‌లో కూడా చూసుకోవచ్చు. డిజిలాకర్ ద్వారా జారీ అయిన పత్రం అసలు పత్రంతో సమానమని 2017లో నిబంధన వచ్చింది. అయినా ఫోనులో చూపిస్తే ఒప్పుకోని కార్యాలయాలు ఇంకా ఉన్నాయి. వారితో నిబంధన వాదించేకంటే కాగితం పత్రం చూపించడం త్వరగా తేలే పని.

ఆ పత్రం వచ్చిన రోజునే పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ సరిచూడండి. తప్పుంటే కొత్త చోట చేరకముందే సరిచేయించుకోండి. కొత్త సంస్థకు అసలు పత్రం ఇచ్చేముందు రెండు నకళ్ళు తీయించి ఉంచుకోండి. మైగ్రేషన్ తిరిగి రాదు, అక్కడే ఉండిపోతుంది. పోగొట్టుకుంటే రెండో ప్రతి కోసం ప్రమాణపత్రం, కొన్నిచోట్ల పోలీసు స్టేషనులో ఇచ్చిన ఫిర్యాదు నకలు కూడా అడుగుతారు. ఇచ్చేటప్పుడు "అసలు బదిలీ, మైగ్రేషన్ పత్రం ముట్టినది" అని తేదీతో రాయించుకోండి. మా చెల్లెలు ఇప్పుడు ఆ కాగితాలన్నిటినీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి, పైన తేదీలు రాసి, బియ్యం డబ్బా మీది అరలో ఉంచింది. వచ్చే ఏడాది ఎం.కాం.కు పుణె వెళ్ళే ఆలోచనలో ఉంది. అదే జరిగితే ఈసారి ఆమె మైగ్రేషన్ అడగవలసింది షోలాపూర్‌లో.